బర్త్ సర్టిఫికెట్‌కు ఇంగ్లీషు అనువాదం: వదలకూడదు, దిద్దకూడదు

అమెరికాలో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగు కుటుంబానికి గ్రీన్‌కార్డు దరఖాస్తు వేసే రోజు వచ్చిందంటే, ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు ముందుగా వెళ్లే ఫోన్ బర్త్ సర్టిఫికెట్ గురించే. బీరువా అడుగునో పాత ట్రంకు పెట్టెలోనో ఆ కాగితం దొరుకుతుంది. తీరా చూస్తే అంతా తెలుగులోనే ఉంటుంది. పంచాయతీ కార్యాలయంలో ఎవరో చేత్తో నింపి ఇచ్చింది, కింద ఊదారంగు గుండ్రటి ముద్ర, అర్థంకాని సంతకం. అప్పుడు మొదలవుతాయి ప్రశ్నలు. దీన్ని ఎవరు అనువదించాలి? నోటరీ చేయించాలా? హైదరాబాదులో అటెస్టేషన్ చేయించాలా? అపోస్టిల్ అంటున్నారు, అదేమిటి?

ఈ ప్రశ్నలకు జవాబు మనం ఏ దేశానికి పంపుతున్నామన్న దాన్నిబట్టి మారిపోతుంది. తెలుగువాళ్లకు ఎక్కువగా అవసరపడేది అమెరికా కాబట్టి దాన్నే దగ్గరగా చూద్దాం.

అమెరికా వలస విభాగం నిబంధన చాలా చిన్నది. పరాయి భాష ఉన్న ఏ పత్రం ఇచ్చినా దానితోపాటు పూర్తి ఇంగ్లీషు అనువాదం ఇవ్వాలి. ఆ అనువాదం సంపూర్ణంగా, ఖచ్చితంగా ఉందని అనువదించిన మనిషి ధ్రువీకరించాలి. ఆ భాషనుంచి ఇంగ్లీషులోకి అనువదించే సామర్థ్యం తనకుందని కూడా అదే మనిషి రాసివ్వాలి. అంతే. లైసెన్సు అడగలేదు, ప్రభుత్వ ముద్ర అడగలేదు, నోటరీని అడగలేదు, అపోస్టిల్‌ను అడగలేదు. అమెరికాలో అనువాదకుల సంఘం ఒకటి పరీక్షలు పెట్టి సర్టిఫికెట్లు ఇస్తుంది కానీ, వాళ్లు పరీక్ష పెట్టే భాషల్లో తెలుగు లేదు. కాబట్టి ఆ సంఘం సర్టిఫికెట్ ఉన్న తెలుగు అనువాదకుడి కోసం వెతికి లాభం లేదు. అక్కడ సర్టిఫైడ్ అనువాదమంటే, చేసిన మనిషి తన పేరు పెట్టి పూచీ పడిన అనువాదం.

ఆ పూచీ ఒక చిన్న పేరా. దాన్ని ఇంగ్లీషులో రాస్తారు. దాని సారం ఇది: ఫలానా నేను, నాకు తెలుగు, ఇంగ్లీషు రెండూ బాగా వచ్చు, తెలుగు నుంచి ఇంగ్లీషులోకి అనువదించగలను, జతపరచిన జనన ధ్రువీకరణ పత్రానికి ఇది సంపూర్ణమైన, ఖచ్చితమైన అనువాదమని ధ్రువీకరిస్తున్నాను. కింద సంతకం, పేరు, చిరునామా, తేదీ. ఇందులో సామర్థ్యం గురించిన వాక్యాన్ని చాలామంది వదిలేస్తారు. అనువాదం సరైనదని రాస్తారు గాని, అది సరైనదని చెప్పడానికి తామెవరో రాయరు. రెండూ ఉండాలి.

ఎవరు చేయొచ్చు? రెండు భాషలూ వచ్చిన ఎవరైనా. దరఖాస్తుదారు భర్తో అన్నో చేయకూడదని ఆ నిబంధనలో ఎక్కడా లేదు. అయినా ఇంట్లోవాళ్ల చేత చేయించకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఆ దరఖాస్తు వల్ల లాభపడే మనిషే అనువాదానికి పూచీ పడితే, చూసే అధికారికి కలగాల్సిన నమ్మకం కలగదు. పక్క వీధిలో ఉండే తెలుగు స్నేహితుడు చేసినా చాలు, జాగ్రత్తగా చేయాలంతే.

ఆ జాగ్రత్త ఎలా ఉండాలో ఒక కాగితం పెట్టుకుని చూద్దాం. శ్రీలక్ష్మి అనే ఆమె ఉందనుకుందాం. 1984లో జనగామ దగ్గర పల్లెలో పుట్టింది. ఇప్పుడు డల్లాస్‌లో ఉంటోంది. ఆమె దగ్గరున్నది 2003లో పంచాయతీవారు రిజిస్టరు చూసి రాసిచ్చిన తెలుగు ప్రతి. పైన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అని, దాని కింద జనన ధ్రువీకరణ పత్రం అని అచ్చయి ఉంది. 1969 జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ఇచ్చినట్టు, ఫలానా గ్రామం, జనగామ తాలూకా, వరంగల్ జిల్లా రిజిస్టరులోని అసలు నమోదు నుంచి ఈ వివరాలు తీసినట్టు ఒక వాక్యం. ఆ తరవాత గళ్లు: పేరు శ్రీలక్ష్మి. లింగం స్త్రీ. పుట్టిన తేదీ 04-07-1984. పుట్టిన స్థలం స్వగృహం. తండ్రి పేరు వెంకటేశ్వర్లు. తల్లి పేరు రాములమ్మ. నమోదు సంఖ్య, నమోదు తేదీ. రిమార్కుల గడి ఖాళీ. కింద పంచాయతీ కార్యదర్శి సంతకం, సగం అలికిపోయిన ముద్ర, మూలన కోర్టు ఫీ స్టాంపు.

మొదటి పొరపాటు ఈ కాగితాన్ని కుదించడం. పేరు, తేదీ, ఊరు, అమ్మానాన్నల పేర్లు రాస్తే చాలదా అనిపిస్తుంది. చాలదు. పూర్తి అనువాదమంటే కాగితం మీదున్న ప్రతి అక్షరమూ. పైన అచ్చయిన శీర్షిక, చట్టం పేరున్న వాక్యం, ముద్రలోని మాటలు, సంతకం కింది హోదా, స్టాంపు విలువ, వెనకవైపు ఏదైనా రాసి ఉంటే అది కూడా రావాలి. సంతకాన్ని అనువదించలేం కాబట్టి ఆ చోట బ్రాకెట్లలో సంతకం ఉందని రాస్తారు. ముద్రలో చదవగలిగినంత చదివి, మిగతాది అస్పష్టమని బ్రాకెట్లలో చెప్తారు. ఖాళీ గడిని వదిలేయకుండా ఖాళీ అని రాస్తారు. లేకపోతే అనువాదకుడు అక్కడ ఏదో మింగేశాడేమో అన్న అనుమానానికి తావుంటుంది. గళ్లన్నీ అసలు కాగితంలో ఉన్న వరసలోనే పేర్చితే ఇంకా మేలు. తెలుగు రాని అధికారి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, ఏ గడికి ఏ గడో వేలు పెట్టి చూపించగలిగేలా ఉండాలి.

తేదీ దగ్గర ఇంకో చిక్కుంది. మనకు 04-07-1984 అంటే జూలై నాలుగు. అమెరికాలో నెల ముందు రాస్తారు కాబట్టి వాళ్లు దాన్ని ఏప్రిల్ ఏడుగా చదువుతారు. పాస్‌పోర్టులో జూలై ఉంటే, లేని తేడా ఒకటి పుట్టుకొస్తుంది. అందుకే అనువాదంలో నెలను అంకెల్లో కాక పేరుతో రాయాలి. నమోదు తేదీకీ, పత్రం ఇచ్చిన తేదీకీ ఇదే పద్ధతి.

ఇక పేరు. తెలుగు పేర్లకు ఇంగ్లీషులో ఒకే స్పెల్లింగు ఉండదు. శ్రీని ఎస్-ఆర్-ఐ అని రాసేవాళ్లున్నారు, ఎస్-ఆర్-ఇ-ఇ అని రాసేవాళ్లున్నారు. లక్ష్మిలో కె-ఎస్-హెచ్ పెట్టేవాళ్లుంటారు, ఎక్స్ పెట్టేవాళ్లుంటారు. వీటిలో పాస్‌పోర్టులో ఏముందో అదే అనువాదంలో వాడాలి. తెలుగు లిపిలో ఉన్న పేరు ఆ అక్షరాలన్నిటికీ సరిపోతుంది కాబట్టి ఇందులో తప్పేమీ లేదు. కాబట్టి అనువదించేవారికి సర్టిఫికెట్ ఒక్కటే ఇస్తే సరిపోదు. పాస్‌పోర్టు మొదటి పేజీ, అమ్మానాన్నల పాస్‌పోర్టులు ఉంటే వాటి మొదటి పేజీలు కూడా చూపించాలి.

కానీ ఈ స్వేచ్ఛ స్పెల్లింగు దగ్గరే ఆగిపోతుంది. శ్రీలక్ష్మి పాస్‌పోర్టులో తండ్రి పేరు వెంకటేశ్వరరావు అని ఉంది. సర్టిఫికెట్‌లో వెంకటేశ్వర్లు అని ఉంది. ఊరందరికీ ఆయన ఒక్కరే. చిన్నప్పుడు వెంకటేశ్వర్లు, ఉద్యోగంలో చేరాక వెంకటేశ్వరరావు. అలాంటివాళ్లు మన ఇళ్లలో ఎందరో. అనువదించే స్నేహితుడికి కూడా ఆ సంగతి తెలుసు. అయినా అతను వెంకటేశ్వరరావు అని రాయకూడదు. కాగితంలో రావు లేదు, లు ఉంది. అతను సంతకం పెట్టేది ఆ కుటుంబం గురించి తనకు తెలిసిన నిజానికి కాదు, ఆ కాగితం మీద ఉన్న రాతకు. సాయం చేద్దామని దిద్దితే రేపు ఆ తెలుగు పత్రాన్ని ఇంకెవరైనా చదివినప్పుడు బయటపడుతుంది. మామూలుగా వివరణతో పోయే పేరు తేడా కాస్తా తప్పుడు అనువాదమనే అనుమానంగా మారుతుంది.

ఇంటిపేరు సంగతీ అంతే. సర్టిఫికెట్‌లో కె. శ్రీలక్ష్మి అని ఉంటే అనువాదంలోనూ ఆ ఒక్క అక్షరమే రావాలి. కె అంటే ఏమిటో పాస్‌పోర్టు చెప్తుంది, అనువాదకుడు చెప్పకూడదు. మన శ్రీలక్ష్మి కాగితంలో ఇంటిపేరు అసలే లేదు. అదీ అలాగే ఉండాలి.

తెలుగువాళ్ల పత్రాల్లో ఊళ్లూ జిల్లాలూ పెట్టే ఇబ్బంది మరోటి. శ్రీలక్ష్మి పుట్టిననాటికి మండలాలు లేవు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. 2016 అక్టోబరులో జనగామ వేరే జిల్లా అయింది. అందుకే ఆమె సర్టిఫికెట్ జనగామ తాలూకా, వరంగల్ జిల్లా, ఆంధ్రప్రదేశ్ అంటుంది. ఆమె కొత్త పాస్‌పోర్టేమో జనగామ, తెలంగాణ అంటుంది. పుట్టింది ఒకచోటే. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లోనూ 13 జిల్లాలు 26 అయ్యాయి కాబట్టి అటువైపు వాళ్లకూ ఇదే పరిస్థితి. అనువాదంలో తాలూకాను మండలం చేయకూడదు, ఆంధ్రప్రదేశ్‌ను తెలంగాణ చేయకూడదు. తాలూకా అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి వదిలేయవచ్చు. ఈ మార్పు గురించి చెప్పాలంటే దరఖాస్తుకు జతచేసే లేఖలో దరఖాస్తుదారు చెప్పుకోవాలి: ఏ తేదీన ఏ జిల్లా ఏమైందో రెండు వాక్యాల్లో రాస్తే సరిపోతుంది. అనువాదం పేజీలో మాత్రం దానికి చోటు లేదు.

పేరు గడి ఖాళీగా ఉన్న సర్టిఫికెట్లది ఇంతకంటే పెద్ద సమస్య. పుట్టిన 21 రోజుల్లోపు నమోదు చేయించాలని చట్టం. మనవాళ్లలో చాలామంది పేరు పెట్టేదే ఇరవయ్యొకటో రోజున బారసాలలో. దాంతో పేరు లేకుండానే నమోదై, ఆ తరవాత ఎవరూ పట్టించుకోక, సర్టిఫికెట్‌లో పేరు గడి అలాగే మిగిలిపోయినవాళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ కనిపిస్తారు. పేరు లేని పత్రం ఫలానా మనిషిదని ఎలా నమ్మాలని అమెరికా అధికారి అడుగుతాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దీన్ని ఏ అనువాదమూ సరిచేయలేదు. నమోదైనచోట పేరు చేర్పించుకుని, కొత్త ప్రతి తీసుకోవాలి. 1969 చట్టంలో పేరు చేర్చడానికి 14వ సెక్షన్, తప్పులు దిద్దడానికి 15వ సెక్షన్ ఉన్నాయి. పేరు చేర్చడానికి నిబంధనలు మామూలుగా పదిహేనేళ్ల గడువు పెట్టాయి. కాబట్టి పిల్లల సర్టిఫికెట్లలో ఆ గడి ఖాళీగా ఉన్నవాళ్లు వీసా అవసరం వచ్చేదాకా ఆగకూడదు.

అసలు అనువాదం దాకా వెళ్లేముందు చేయాల్సిన పని ఇదే: కొత్త ప్రతి దొరుకుతుందేమో చూడటం. పంచాయతీలోనో మునిసిపాలిటీలోనో పాత నమోదు కంప్యూటరులోకి ఎక్కి ఉంటే, మీసేవలో తెలుగూ ఇంగ్లీషూ రెండూ ఉన్న పత్రం వస్తుంది. అప్పుడు అనువాదం అవసరం చాలావరకు తప్పిపోతుంది. చాలావరకు అనడానికి కారణముంది. రెండు భాషల పత్రంలోనూ ముద్రలో మాటలో చేతిరాత రిమార్కో తెలుగులో మాత్రమే ఉండొచ్చు. పరాయి భాష ఉన్న ఏ పత్రమైనా అని నిబంధన అంటోంది కాబట్టి ఆ ముక్కకు కూడా పూచీతో కూడిన అనువాదం జతచేయడమే క్షేమం. ఇంకో సంగతి. కొత్త ప్రతి తీసుకోవడం వేరు, ఇప్పుడు కొత్తగా నమోదు చేయించుకోవడం వేరు. 1984లో పుట్టి 2024లో నమోదైన పత్రాన్ని అధికారులు అంత బలమైన ఆధారంగా చూడరు. దానికి తోడుగా బడి రికార్డుల్లాంటివి అడుగుతారు.

నమోదే లేనివాళ్లు, ముఖ్యంగా 1970 ఏప్రిల్ 1 నుంచి దేశంలో చాలాచోట్ల ఈ చట్టం అమల్లోకి రాకముందు పుట్టినవాళ్లు, నమోదు లేదని అదే కార్యాలయం నుంచి పత్రం తీసుకోవాలి. దాన్ని నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ అంటారు. దానితో పదో తరగతి మెమో లాంటివి, అవీ చాలకపోతే పుట్టుక గురించి స్వయంగా తెలిసిన ఇద్దరి అఫిడవిట్లు పెట్టాలి. ఊళ్లో పెద్దమ్మో మేనమామో తెలుగులో చెప్పి రాయించి సంతకం పెట్టిన అఫిడవిట్ కూడా తెలుగు పత్రమే కదా, దానికీ అనువాదం, పూచీ పేరా కావాలి. ఈ సంగతి మరిచిపోయి ఫైలు పంపేవాళ్లు తక్కువేం కాదు. శ్రీలక్ష్మి తన తండ్రి పేరు తేడాకు కూడా ఇలాంటి దారే పట్టాలి. వెంకటేశ్వర్లు, వెంకటేశ్వరరావు ఒక్కరేనని అమ్మ చేతా, పెదనాన్న చేతా అఫిడవిట్లు రాయించి, ఆయన ఉద్యోగ రికార్డో పాత భూమి పత్రమో రెండు పేర్లూ కలిసి ఉన్నది దొరికితే దాన్నీ జతచేయాలి. లేదంటే రిజిస్ట్రారు దగ్గరే దిద్దుబాటుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అయితే అందుకు పట్టే సమయాన్ని ముందే లెక్కేసుకోవాలి.

ఇప్పుడు నోటరీ సంగతి. కోర్టు దగ్గరి దుకాణంలో అనువాదం టైపు చేయించి, ఎర్ర ముద్ర వేయించి పంపడం మన దగ్గర బాగా అలవాటు. ఇందులో చట్టవిరుద్ధమేమీ లేదు. 1952 నాటి నోటరీల చట్టం, పత్రాన్ని అనువదించడం, అనువాదాన్ని సరిచూడటం కూడా నోటరీ పనుల్లో చేర్చింది. కానీ ఆ కాగితం మీద ముద్ర ఎంత గుండ్రంగా ఉన్నా, అనువదించిన మనిషి పేరూ, అతని పూచీ పేరా లేకపోతే అమెరికా నిబంధన తీరదు. అమెరికాలో నోటరీ అయితే ఇంకా తక్కువ పని చేస్తాడు. ఫలానా మనిషి నా ఎదుట సంతకం పెట్టాడని మాత్రమే చెప్తాడు. అనువాదం ఒప్పో తప్పో అతనికి తెలియదు. నోటరీ ఉంటే నష్టం లేదు, కానీ అది పూచీ పేరాకు బదులు కాదు.

అపోస్టిల్ పని వేరు. అది అనువాదం గురించి ఏమీ చెప్పదు. పత్రం మీది సంతకం, ముద్ర నిజంగా ఆ ప్రభుత్వ అధికారివేనని మన విదేశాంగ శాఖ ఇచ్చే ధ్రువీకరణ అది. 1961 హేగ్ ఒప్పందంలో భారత్ చేరి, అది మనకు 2005 జూలై 14 నుంచి అమల్లోకి వచ్చింది. ముందు రాష్ట్ర ప్రభుత్వ స్థాయిలో అటెస్టేషన్ చేయించుకుని తరవాత విదేశాంగ శాఖకు పంపుతారు. ఆ శాఖ దరఖాస్తులను తాను నియమించిన ఏజెన్సీల ద్వారా తీసుకుంటుంది. గ్రీన్‌కార్డు కోసం బర్త్ సర్టిఫికెట్‌కు ఇది అడగరు. అడగనిదానికి డబ్బూ, వారాలూ పోగొట్టుకోనక్కర్లేదు.

మిగతా దేశాల తీరు వేరు. బ్రిటన్ దాదాపు అమెరికా లాంటిదే: అనువాదం ఖచ్చితమైనదన్న వాక్యం, తేదీ, అనువాదకుడి పేరు, సంతకం, సంప్రదించే వివరాలు కావాలి. కెనడా ఇంకాస్త కఠినం. గుర్తింపు ఉన్న అనువాదకుడు కాకపోతే, చేసినవాడు ప్రమాణం చేసి అఫిడవిట్ ఇవ్వాలి. కుటుంబసభ్యుల అనువాదం కెనడాలో చెల్లదు, వాళ్లు వృత్తిరీత్యా అనువాదకులైనా సరే. ఆస్ట్రేలియాలో ఉండి చేయించేవాళ్లు నాటి అనే సంస్థ గుర్తింపు ఉన్న అనువాదకుల దగ్గరికే వెళ్లాలి. జర్మనీ కోర్టులో ప్రమాణం చేసిన అనువాదకుడి చేత చేయించమంటుంది. పైగా భారత్ అపోస్టిల్‌ను జర్మనీ అంగీకరించలేదు కాబట్టి అక్కడ పత్రాల పరిశీలన వేరే పద్ధతిలో జరుగుతుంది. దుబాయి వెళ్లేవాళ్లకు విదేశాంగ శాఖ అటెస్టేషన్, ఆ దేశపు రాయబార కార్యాలయం ముద్ర, ఆ తరవాత అక్కడ లైసెన్సున్న అనువాదకుడి అరబ్బీ అనువాదం అవసరమవుతాయి. ఇలా ముద్రలు అడిగే దేశాల విషయంలో ముద్రలన్నీ పడ్డాకే అనువాదం చేయించాలి. ముందే చేయిస్తే వెనకవైపు పడ్డ కొత్త ముద్రలు అనువాదంలో ఉండవు, మళ్లీ మొదటికొస్తుంది.

శ్రీలక్ష్మి ఫైలులో చివరికి చేరేవి ఇవి: తెలుగు సర్టిఫికెట్ రెండువైపులా స్కాన్ చేసిన స్పష్టమైన నకలు, దాని వెనక అదే వరసలో గళ్లున్న ఇంగ్లీషు అనువాదం, అనువాదం కిందే స్నేహితుడి పూచీ పేరా, సంతకం. తరవాత తండ్రి పేరు గురించిన అఫిడవిట్లు, వాటి అనువాదాలు. పూచీ పేరా విడిగా వేరే కాగితం మీద ఉంటే, అది ఏ పత్రానికి సంబంధించిందో అందులో పేరు, నమోదు సంఖ్యతో సహా రాయాలి. లేకపోతే ఫైలులో కాగితాలు విడిపోయినప్పుడు ఏది దేనిదో తెలియదు.

ఏదైనా లోపం కనిపిస్తే అధికారులు సాధారణంగా ఫలానా ఆధారం పంపమని ఉత్తరం పంపుతారు. దానికి గడువు గరిష్ఠంగా 12 వారాలు. డల్లాస్‌లో ఉన్న మనిషి జనగామ దగ్గరి పంచాయతీలో దిద్దుబాటు చేయించి, కొత్త ప్రతి తెప్పించి, మళ్లీ అనువదించి పంపడానికి ఆ సమయం చాలా ఇరుకు. అందుకే ఊరికి వెళ్లే బంధువు చేతికి పనులు అప్పజెప్పేటప్పుడు రిజిస్టరులోని నమోదు సంఖ్య, తేదీ రాసిన చీటీ కూడా ఇచ్చి పంపాలి. ఆ సంఖ్య ఉంటే కార్యదర్శి పాత రిజిస్టరులో ఆ పేజీ వెంటనే తీయగలడు. అసలు సర్టిఫికెట్‌ను మాత్రం ఫైలులో పెట్టి పంపేయకూడదు. ఇంటర్వ్యూకు పిలిస్తే దాన్ని చేత్తో పట్టుకెళ్లి చూపించాలి.